ఫెస్ట్‌లో మొదటి మూడు నిమిషాలు

మా కాలేజీ కల్చరల్ ఫెస్ట్‌కి స్వాగత వచనాలు నువ్వే చెప్పాలి అని కల్చరల్ కమిటీ అక్క అన్నప్పుడు ఫెస్ట్ ఇంకా పదకొండు రోజులుంది. నేనప్పుడు ఈసీఈ మూడో సంవత్సరం. అంతకుముందు సెమినార్ హాల్లో ఫ్రెషర్స్ డేకి రెండొందల మంది ముందు యాంకరింగ్ చేశాను. ఇదేమో గ్రౌండ్‌లో, మూడు వేల మంది ముందు. పైగా వేదిక మీద ఛైర్మన్ గారు, ప్రిన్సిపాల్ గారు, బయటి నుంచి వచ్చే ముఖ్య అతిథి. "పిల్లలు ఊగిపోవాలి, పెద్దలు నొచ్చుకోకూడదు, అంతే" అంది అక్క. ఆ "అంతే" దగ్గరే నా పదకొండు రోజులూ పోయాయి.

మొదటి డ్రాఫ్ట్ ఒక్క రాత్రిలో రాసేశాను. మూడు పేజీలు. "సుందర సాయంకాల శుభవేళ" అని మొదలుపెట్టి, కళల గొప్పతనం గురించి ఒక పేరా, సంస్కృతి గురించి ఒక పేరా, యువత గురించి ఇంకొకటి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని హాస్టల్ మేడ మీద చదివితే ఆరున్నర నిమిషాలు పట్టింది. మా రూమ్మేట్ పక్కనే కూర్చుని చిప్స్ తింటూ విన్నది. చివర్లో "బాగుంది, కానీ ఇది ఏ కాలేజీదైనా కావచ్చు కదే" అంది. కోపం వచ్చింది, కానీ నిజమే. ఆ మూడు పేజీల్లో మా కాలేజీ పేరు తీసేసి పక్క ఊరి కాలేజీ పేరు పెడితే ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు.

మర్నాడు తెలుగు మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజినీరింగ్ కాలేజీలో తెలుగు మేడం ఏంటి అనుకోకండి. మా క్యాంపస్‌లోనే డిగ్రీ కాలేజీ కూడా ఉంది, ఆవిడ అక్కడ పాఠం చెబుతారు. అవధానాలంటే ప్రాణం. నా కాగితాలు చేతిలోకి కూడా తీసుకోలేదు. "చదువమ్మా, నేను కళ్లు మూసుకుని వింటా" అన్నారు. రెండో పేరాలోనే ఆపేశారు.

"నీ వాక్యాలన్నీ చివర్లో మునిగిపోతున్నాయి తెలుసా?"

తెలియలేదు నాకు. ఆవిడ నా వాక్యం ఒకటి తిరిగి నాకే వినిపించారు. "మన ఆహ్వానాన్ని మన్నించి తమ అమూల్యమైన సమయాన్ని కేటాయించి ఇక్కడికి విచ్చేసిన ముఖ్య అతిథి గారికి హృదయపూర్వక స్వాగతం పలుకుతున్నాం." చదువుతుంటే నా ఊపిరి "ముఖ్య అతిథి" దగ్గరే అయిపోతోంది. "స్వాగతం పలుకుతున్నాం" అనేది నీరసంగా, నేలకేసి రాలిపోతోంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అసలు విషయం అంతా అక్కడే ఉంటుంది. ముందు మాటలన్నీ జోరుగా చెప్పి చివర గొంతు దించేస్తే, వినేవాడికి ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ వాళ్లకి మనమేం చేస్తున్నామో వినపడదు. టీవీలో ఇంగ్లిష్ యాంకర్లని చూసి చూసి, వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని చివర్లో వదిలేయడం నాకు అలవాటైపోయింది.

మేడం చెప్పిన మందు చాలా చిన్నది. పొడుగు వాక్యాన్ని మూడు ముక్కలు చెయ్యి. ఆఖరి ముక్కలో మాత్రం వరస తిప్పెయ్యి, క్రియ ముందు, పేరు చివర. "ఈ సాయంత్రం మన కోసం వచ్చారు... ఫలానా గారు!" తెలుగు ఇలా తిరగడానికి ఒప్పుకుంటుంది, అసహజంగా కూడా ఉండదు. పేరు చివర పడితే చప్పట్లు సరిగ్గా పేరు మీద పడతాయి. మామూలుగా రాసినప్పుడు ఏమవుతుందంటే, పేరు వినగానే జనం చప్పట్లు మొదలుపెడతారు, ఆ చప్పట్లలో "గారికి స్వాగతం సుస్వాగతం" కొట్టుకుపోతుంది. యాంకర్ ఆగాలో చెప్పాలో తెలియక సగం చెప్పి సగం మింగుతుంది. ఫ్రెషర్స్ డే వీడియో మళ్లీ పెట్టి చూసుకున్నాను. నాలుగు సార్లు అదే చేశాను.

రెండో డ్రాఫ్ట్ రాసేటప్పుడు గది తలుపేసుకుని ఊహించుకోవడం మానేసి, క్యాంపస్‌లో తిరిగాను. సాయంత్రం ఐదు దాటాక ఎక్కడేం జరుగుతోందో చూశాను. క్యాంటీన్ వెనక ఇద్దరు డప్పు ప్రాక్టీస్ చేస్తున్నారు. వర్క్‌షాప్ మెట్ల మీద కూచిపూడి. మెట్లే అద్దం వాళ్లకి, ఎందుకంటే పై మెట్టు మీద కూర్చున్న అమ్మాయి కిందవాళ్ల తప్పులు చెబుతోంది. లైబ్రరీ పక్క చెట్టు కింద గిటార్. ఇవే రాసుకున్నాను. చివరికి స్టేజి మీద చెప్పిన మొదలు ఇది:

"సభకు నమస్కారం. మూడు వారాలుగా మన కాలేజీలో ఐదు గంటల బస్సు ఖాళీగా వెళ్తోంది. క్యాంటీన్ వెనక డప్పు మోగుతోంది. వర్క్‌షాప్ మెట్ల మీద గజ్జెలు మోగుతున్నాయి. లైబ్రరీ పక్కన గిటార్ కూడా మోగుతోంది... మన్నించాలి లైబ్రేరియన్ మేడం. ఆ చప్పుళ్లన్నీ ఈ సాయంత్రం ఒక్క చోటికి వచ్చాయి!"

నలభై సెకన్లు కూడా లేదు. విద్యార్థుల గురించి నేను చెప్పింది అంతే. కళల గొప్పతనం పేరా మొత్తం పోయింది.

పెద్దల సంగతి వేరే కథ. మొదట వరస. ముఖ్య అతిథి పేరు ముందా, ఛైర్మన్ గారి పేరు ముందా అని కమిటీలో అరగంట గొడవ. మేడం తేల్చేశారు. తెలుగు సభల పద్ధతిలో సభాధ్యక్షులు ముందు, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత మిగతావాళ్లు. సంబోధించడమైనా, వేదిక మీదికి పిలవడమైనా అధ్యక్షులే మొదట, ఎందుకంటే సభ వాళ్లది, అతిథిని కూర్చోబెట్టాల్సింది వాళ్లు. మా సభకి అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారు. మరి ఛైర్మన్ గారు? ఆయన్ని ముఖ్య అతిథి తర్వాత పెట్టి, కాగితం తీసుకెళ్లి ఆఫీసులో ముందే చూపించి ఒప్పించారు మేడం. నేను సొంతంగా నిర్ణయించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోలేను. పద్ధతి ఏదైనా కావచ్చు, కాలేజీని బట్టి మారుతుంది కూడా. అది స్టేజి మీద తెలియడం కంటే రెండు రోజుల ముందు ఆ పెద్దాయన టేబుల్ మీద తెలియడం మేలు.

తర్వాత హోదాలు. ముఖ్య అతిథి వివరాలు వాట్సాప్‌లో ఇంగ్లిష్‌లో వచ్చాయి, పద్దెనిమిది లైన్లు. నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కుర్రతనం నుంచీ పద్యనాటకాల్లో వేషాలు వేసేవారు. నేను "మాజీ సూపరింటెండింగ్ ఇంజినీర్" అని రాసుకున్నాను. మేడం ఆ "మాజీ" చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. మాజీ మంత్రి, మాజీ సర్పంచ్ అంటాం, పదవి పోయినవాళ్లకి అది. ఉద్యోగం పూర్తిచేసి దిగినవాళ్లకి "విశ్రాంత" అనాలి. తెలుగులో గౌరవం ఎంత సన్నటి దారం మీద నిలబడి ఉంటుందో అప్పుడే తెలిసింది. కమిటీ అక్క అయితే దానికి ఇంకో కథ చెప్పింది. తన బ్యాచ్‌లో ఒకతను బతికున్న అతిథిని "కీర్తిశేషులు" అనేశాడట, కీర్తి అనే మాట ఉంది కదా అని. నిజంగా జరిగిందో, ప్రతి కాలేజీలోనూ చెప్పుకునే కథో నాకు తెలియదు గానీ, ఆ రాత్రి నా స్క్రిప్ట్‌లో అర్థం కచ్చితంగా తెలియని మాటలన్నీ కొట్టేశాను. "సుందర సాయంకాల శుభవేళ" అలాగే పోయింది.

పద్దెనిమిది లైన్లని మూడు వాక్యాలు చేశాను. "పగలు లాకుల దగ్గర నీటి లెక్కలు చూశారు. రాత్రి రంగస్థలం మీద పద్యాలు పాడారు. ఈ సాయంత్రం మన కోసం వచ్చారు, విశ్రాంత సూపరింటెండింగ్ ఇంజినీర్, మన ముఖ్య అతిథి శ్రీ..." అని, చివర పేరు. పూర్తి వివరాలు ప్రిన్సిపాల్ గారు తన ప్రసంగంలో ఎలాగూ చదువుతారు. స్వాగతంలో రెండోసారి చదవడం ఎందుకు? పేరు పలకడం మాత్రం ఇరవై సార్లు ప్రాక్టీస్ చేశాను. ఆయన ఇంటిపేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే "డ"నో "ద"నో తెలియడం లేదు. మా ఆఫీసు క్లర్కు గారు ఫోన్ చేసి కనుక్కున్నారు. "ద" అట. నేను వారం రోజులుగా "డ" అనుకుంటూ తిరుగుతున్నాను.

మొత్తం స్క్రిప్ట్ రెండు వందల చిల్లర మాటలైంది. నా వేగంలో, చప్పట్లకి ఆగే సమయంతో కలిపి మూడు నిమిషాలు. పోస్ట్ కార్డు సైజు అట్టలు నాలుగు చేసుకుని, ఒక్కో అట్ట మీద ఒక్కో ముక్క, పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఫోన్ చూసి చదవొద్దని అక్క ముందే చెప్పింది. రాత్రి పూట ఫోన్ వెలుగు మొహం మీద పడి ఫొటోల్లో దెయ్యంలా ఉంటామట. అది పక్కన పెడితే, స్క్రీన్ లాక్ అయిందంటే అంతే సంగతులు.

ముందు రోజు సాయంత్రం సౌండ్ చెక్. ఇక్కడ నేను నేర్చుకున్నది ఏ స్క్రిప్ట్‌లోనూ ఉండదు. స్టేజికి ఎదురుగా, ఓ అరవై మీటర్ల దూరంలో బాయ్స్ హాస్టల్ గోడ. మైక్‌లో "నమస్కారం" అన్నాను. నేను "సభ" అనేలోపు నా "నమస్కారం" ఆ గోడకి తగిలి వెనక్కి వచ్చింది. సౌండ్ పెట్టే అన్న లెక్క చెప్పాడు. పోయి రావడానికి నూట ఇరవై మీటర్లు, అంటే సెకనులో మూడో వంతు. ఆ తిరిగొచ్చే గొంతు వింటూ మాట్లాడితే మనకి తెలియకుండానే నాలుక తడబడుతుంది, ఒక్కో మాట సాగుతుంది. "నీ కాళ్ల దగ్గర బాక్సు పెడతా, అదే విను, ఆ గోడ నీకు శత్రువనుకో" అన్నాడు. ఆ బాక్సుని వాళ్లు మానిటర్ అంటారు. మానిటర్ పెట్టాక ప్రాణం లేచొచ్చింది. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య అర సెకను ఆగడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకి నా రెండు వాక్యాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఇంకో సంగతి మైక్ పట్టుకోవడం. నేను సింగర్లలాగా జాలీ మీద చేయి మూసి పట్టుకున్నాను. వెంటనే స్పీకర్లు కీచుమని కూశాయి. చేయి మైక్ కర్ర మధ్యలో ఉండాలి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం గడ్డం వైపు దించి. దించడం ఎందుకంటే, "ప"లు. ఎదురుగా పెట్టుకుని "ప్రిన్సిపాల్" అంటే ప్రతి "ప"కీ స్పీకర్లోంచి గాలి డబ్బుమంటుంది. చూసుకుంటే నా స్క్రిప్ట్ నిండా "ప"లే. ప్రియమైన, ప్రిన్సిపాల్, ప్రజ్వలన, ప్రసంగం, ప్రదర్శన. "ప్రియమైన" తీసేశాను. ప్రిన్సిపాల్ గారిని తీసేయలేం కదా, అక్కడ మైక్ ఇంకో అంగుళం దించాను.

ఫెస్ట్ రోజు సాయంత్రం ఐదున్నరకి మొదలవ్వాలి. ముఖ్య అతిథి కారు రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. ఆరు దాటింది. గ్రౌండ్ నిండిపోయింది, డీజే పాటలు అయిపోయాయి, కుర్రాళ్లు ఈలలు మొదలుపెట్టారు. నా తోటి యాంకర్, సీఎస్ఈ అబ్బాయి, వాళ్లని కాసేపు ఆడిద్దామని మైక్ తీసుకుని "మెకానికల్ ఎక్కడ?" అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. మెకానికల్ అరిచారు. దానికి పోటీగా సివిల్ అరిచారు. సీఎస్ఈ వాళ్లు రెండు వేల మంది ఉన్నట్టు అరిచారు. సరిగ్గా అప్పుడే కారు గేటులోకి వచ్చింది. ఆపమంటే ఎవరూ ఆపరు. అరుపు అరుపుని తింటూ పెరుగుతుంది, చప్పట్లు అలా కాదు, చేతులు నొప్పి పుట్టి కాసేపటికి వాటంతటవే తగ్గుతాయి. ఈ తేడా నాకు ఆ రోజు కళ్లెదుట కనిపించింది. "ఎవరిది గట్టి అరుపు" అనే ఆట అతిథులు వెళ్లాక రాత్రి ఎనిమిదింటికి ఆడుకోవచ్చు. అతిథి కారు దిగుతున్నప్పుడు మాత్రం కాదు.

మైక్ నా చేతికొచ్చింది. అరవలేదు. "గేటు దగ్గర మన అతిథి దిగుతున్నారు. లేచి నిలబడి, చప్పట్లతో పిలుద్దాం" అన్నాను, మామూలు గొంతుతో. ముందు వరసల్లో మాస్టార్లు లేచారు, వాళ్లని చూసి వెనకవాళ్లు. చేతులకి పని దొరికాక నోళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఆయన నడిచి వేదిక ఎక్కేదాకా అలా చప్పట్లు నడిచాయి. అవి పూర్తిగా ఆగేదాకా నేను ఎదురుచూడలేదు. మూడొంతుల్లో రెండొంతులు తగ్గగానే "సభకు నమస్కారం" అన్నాను. పూర్తి నిశ్శబ్దం కోసం ఆగితే ఆ నిశ్శబ్దంలో ఎవడో ఒకడు ఈల వేస్తాడు, అది వాడి సొంతం అయిపోతుంది.

ఐదు గంటల బస్సు వాక్యానికి నవ్వారు. లైబ్రేరియన్ మేడం పేరెత్తగానే ముందు వరసలో ఆవిడ తల పట్టుకున్నారు, కెమెరా అన్న ఆవిడనే స్క్రీన్ మీద చూపించాడు, గ్రౌండ్ అంతా గోల. ఆ తర్వాత రెండు సెకన్లు ఊరుకున్నాను. అట్ట మీద అక్కడ పెద్దగా "ఆగు" అని రాసుకున్నాను. ఊరుకున్నాక గొంతు ఒక మెట్టు దించి పెద్దల వైపు తిరిగాను. ఇది కూడా మేడం చెప్పిందే. అవధానంలో సభ నడిపే సంచాలకుడు, ప్రశ్నలడిగే పృచ్ఛకుడితో మాట్లాడేటప్పుడు అటు తిరుగుతాడు, సభతో మాట్లాడేటప్పుడు ఇటు తిరుగుతాడు, రెండూ ఒకే మొహంతో చెయ్యడు అని. అప్పటిదాకా ఉత్సాహం, గౌరవం రెండూ ఒకే వాక్యంలో కలిపి రాయాలని తంటాలు పడ్డాను. కలపక్కర్లేదు. మధ్యలో రెండు సెకన్లు చాలు.

"లాకుల దగ్గర నీటి లెక్కలు" అన్నప్పుడు పెద్దాయన తలెత్తి చూశారు. "రంగస్థలం మీద పద్యాలు" అనగానే నవ్వారు. పేరు చివర పడింది, "ద"తోనే పడింది, చప్పట్లు దాని మీద పడ్డాయి.

అంతా అయిపోయింది అనుకున్నాను. జ్యోతి ప్రజ్వలన మిగిలింది. అతిథులు చెప్పులు విడిచి కుందె దగ్గరికి వచ్చారు. ఐదు వత్తులు, మీద కర్పూరం బిళ్లలు కూడా పెట్టారు కమిటీ వాళ్లు. కొవ్వొత్తి వెలిగించి ప్రిన్సిపాల్ గారి చేతికిస్తే ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. గాలి ఎక్కడిదా అని చూస్తే, అతిథుల కోసం పెట్టిన పెడెస్టల్ ఫ్యాన్ తిరిగి తిరిగి సరిగ్గా కుందె మీదికి వస్తోంది. ఈలోపు నేను మాట్లాడుతూ ఉండాలి. "దీపం జ్యోతి..." అని ఏదో మొదలుపెట్టి, పక్కన ఖాళీగా నిలబడి వీడియో తీస్తున్న జూనియర్ వైపు తిరిగి, మైక్ కిందికి దించాననుకుని, "ఒరేయ్, ఆ ఫ్యాన్ ఆపరా!" అన్నాను.

మైక్ ఆన్‌లోనే ఉంది. మైక్ దించాను గానీ నాలుగు వేళ్ల దూరం కాస్తా ఎనిమిది వేళ్లయింది, అంతే. మూడు వేల మందికి వినపడింది. సెకనులో మూడో వంతు తర్వాత హాస్టల్ గోడ కూడా "ఆపరా" అంది.

నా మొహంలో నెత్తురు లేదు. గ్రౌండ్ విరగబడి నవ్వుతోంది. ఆ రోజు మొత్తంలో నాకు అంత స్పందన ఇంకెక్కడా రాలేదు, నిజం చెప్పాలంటే. ఏం చెప్పాలో తోచక పెద్దాయన వైపు చూశాను. ఆయన కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డం పెట్టి నవ్వుతున్నారు. జూనియర్ పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. కంగారులో ఫ్యాన్ ప్లగ్గుతో పాటు పక్కనున్న నా మానిటర్ ప్లగ్గు కూడా పీకాడు. "పెద్దలూ, క్షమించాలి. గాలి ఆగింది, ఇప్పుడు దీపం వెలుగుతుంది" అన్నాను, గోడ వైపు వినకుండా, ఒక్కో మాట ఆగి ఆగి. వెలిగింది. ప్రార్థనా గీతానికి పాడేవాళ్లని పిలిచి పక్కకి వచ్చేశాను. కాళ్లు వణుకుతున్నాయి, అట్టలు చెమటకి మెత్తబడ్డాయి.

ముఖ్య అతిథి తన ప్రసంగం మొదట్లోనే "మా నాటకాల్లో తెర వెనక నుంచి మాటలందించే ప్రాంప్టర్ గొంతు ప్రేక్షకులకి వినపడితే మర్నాడు అతనికి టీ ఇచ్చేవాళ్లం కాదు. ఈ అమ్మాయికి మాత్రం ఇప్పించండి" అన్నారు. కిందికి దిగాక తెలుగు మేడం వచ్చి భుజం తట్టారు. మెచ్చుకుంటారనుకున్నాను. "ఆ 'ఆపరా' ఉంది చూడు, వాక్యం చివర గొంతు పడిపోకుండా చెప్పింది అదొక్కటే" అన్నారు.

ఆ జూనియర్‌ని హాస్టల్లో ఇప్పటికీ అందరూ ఫ్యాన్ అనే పిలుస్తున్నారు. నేను కనిపిస్తే పక్క దారిలో వెళ్లిపోతాడు.